నలభై మూడు నిమిషాల లెక్క

ఒక డయాగ్నొస్టిక్ ల్యాబు బిల్లులకీ రిపోర్టులకీ నెలకు 2 లక్షల రూపాయల అద్దె మీద ఒక క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటోందనుకుందాం. ఒప్పందం నలభై పేజీలు. చివర్లో ఎస్‌ఎల్‌ఏ పేరుతో రెండు పేజీల అనుబంధం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ నెలలో ఎంత శాతం సమయం అందుబాటులో ఉండాలో, ఉండకపోతే కంపెనీ బిల్లులో ఎంత తగ్గించుకోవాలో అందులో రాస్తారు. మొదటిది అప్‌టైమ్, రెండోది సర్వీస్ క్రెడిట్. ఆ రెండు పేజీల్లో ఒక్క అక్షరదోషమూ ఉండకపోవచ్చు. అయినా ప్రూఫ్‌రీడర్ అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవలసింది అక్కడే. అక్కడి తప్పులు చదివితే దొరకవు, లెక్క వేస్తే దొరుకుతాయి.

మన ఒప్పందంలో మొదటి వాక్యం ఇలా ఉంది: నెలవారీ అప్‌టైమ్ 99.9 శాతానికి తగ్గదు. దాని కింద మూడు వరుసల పట్టిక. అప్‌టైమ్ 99.5 నుంచి 99.8 దాకా ఉంటే నెల బిల్లులో 5 శాతం క్రెడిట్, 99.0 నుంచి 99.5 దాకా ఉంటే 10 శాతం, 99.0 కంటే తగ్గితే 25 శాతం. చూడ్డానికి అంతా పద్ధతిగానే ఉంది.

ఇప్పుడు శాతాలను నిమిషాల్లోకి మార్చుదాం. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలు. అందులో 0.1 శాతం అంటే 43.2 నిమిషాలు. అంటే నెలంతా కలిపి సాఫ్ట్‌వేర్ 43 నిమిషాలు ఆగితే మాట తప్పినట్టు కాదు, 44 నిమిషాలైతే తప్పినట్టే. ఒక నెలలో సరిగ్గా గంట ఆగిందనుకోండి.

```
(43200 - 60) / 43200 × 100 = 99.861
```

99.9 కంటే తక్కువే కాబట్టి మాట తప్పింది. మరి క్రెడిట్ ఎంత? పట్టికలో మొదటి వరుస 99.8 దగ్గర ఆగిపోయింది. 99.8కీ 99.9కీ మధ్య ఏ వరుసా లేదు. ఆ సందు నిమిషాల్లో చూస్తే 43.2 నుంచి 86.4 దాకా. దాదాపు గంటన్నర ఆగినా ల్యాబుకు రూపాయి రాదు.

ఇంకో చిక్కు 99.5 దగ్గర ఉంది. ఆ అంకె రెండు వరుసల్లోనూ కనిపిస్తుంది. సరిగ్గా 216 నిమిషాలు ఆగితే అప్‌టైమ్ కచ్చితంగా 99.5. క్రెడిట్ 10 వేలా, 20 వేలా? ఎవరికి అనుకూలంగా వాళ్లు చదువుకుంటారు. 'నుంచి, దాకా' అన్న మాటలు వాడకుండా ఉండడమే దీనికి మందు. అమెజాన్ వాళ్ల ఈసీ2 సేవకున్న ఎస్‌ఎల్‌ఏ చూస్తే 99.99 కంటే తక్కువ, కానీ 99.0కి సమానం లేదా ఎక్కువ అని ఉంటుంది. వినడానికి ముతకగా ఉన్నా సందుగానీ అతుకుగానీ మిగలదు.

ఇక దశాంశాలు. కొన్ని ఒప్పందాల్లో అప్‌టైమ్‌ను ఒక దశాంశ స్థానానికి సవరించి చూపుతారు. పైన వచ్చిన 99.861ని అలా సవరిస్తే ఏమవుతుంది? 99.9 అవుతుంది! మాట తప్పిన నెల కాస్తా నిలబెట్టుకున్న నెల అయిపోతుంది. 99.85 దాటినదంతా 99.9గా మారుతుంది కాబట్టి, అనుమతించిన 43 నిమిషాలు చడీచప్పుడు లేకుండా దాదాపు 65 నిమిషాలవుతాయి. సవరించడం గురించిన వాక్యం సాధారణంగా పట్టికకు దూరంగా, నివేదికలు ఎలా పంపుతారో చెప్పే చోట ఉంటుంది. అందుకే పట్టిక ఒక్కటే చదివి లేచిపోకూడదు.

క్రెడిట్ అంకె దగ్గర అడగవలసింది ఒకటే ప్రశ్న: దేనిలో 5 శాతం? పట్టికలో 'నెల బిల్లు' అని ఉండి, కింది క్లాజులో 'వార్షిక రుసుము' అని ఉంటే 10 వేలకూ లక్షా 20 వేలకూ ఉన్నంత తేడా. పాత ఒప్పందం నుంచి ఒక క్లాజు, కొత్తదాని నుంచి పట్టిక తెచ్చి అతికించినప్పుడు ఇలా జరుగుతుంది. అలాగే అప్‌టైమ్‌ను నెలకోసారి కొలుస్తారా, ఏడాదికోసారా అన్నదీ చూడాలి. ఏడాది లెక్కలో 99.9 శాతం అంటే 8 గంటల 45 నిమిషాల చిల్లర. అదంతా ఒక్క సోమవారం నాడే ఆగినా ఒప్పందం ప్రకారం తప్పు లేదు.

యూనిట్లలో నేను ముందు చూసేది గడియారం. మన ఒప్పందంలో ప్రతి ఆదివారం 00:00 నుంచి 04:00 దాకా నిర్వహణ పనులకు సాఫ్ట్‌వేర్ ఆపుతామని, ఆ సమయం డౌన్‌టైమ్‌లోకి రాదని ఉంది. అర్ధరాత్రే కదా అనిపిస్తుంది. పక్కన UTC అన్న మూడక్షరాలు చూస్తే గుండె గుభేలుమంటుంది. భారత కాలమానంలో అది ఉదయం 5:30 నుంచి 9:30. పరగడుపు రక్తపరీక్షల కోసం జనం క్యూ కట్టే వేళ. నాలుగు ఆదివారాలకు 16 గంటలు. దాన్నీ, అనుమతించిన నిమిషాలనూ కలిపి చూస్తే ల్యాబుకు నిజంగా దక్కే హామీ 97.7 శాతం దగ్గర ఉంటుంది. 99.9 అబద్ధం కాదు, కానీ ఆ ఆదివారాలు దాని లెక్కలోకి రావు.

గంటలకూ పనిగంటలకూ ఇలాంటి తేడాయే ఉంది. సమస్య చెప్పిన 4 గంటల్లో స్పందిస్తామని ఒకచోట, 4 పనిగంటల్లో అని మరోచోట ఉంటే, సోమవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిదింటికి తెరిచే కంపెనీకి శనివారం సాయంత్రం చేసిన ఫిర్యాదు సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా గడువులోనే ఉన్నట్టు. 300 ms అని ఉండాల్సిన చోట 300 s అని పడితే మాత్రం అంత ప్రమాదం లేదు. ఒక తెర తెరుచుకోవడానికి ఐదు నిమిషాలంటే ఎవరైనా పట్టుకుంటారు. నమ్మశక్యంగా ఉన్న తప్పే దాటిపోయేది.

ఇవన్నీ దొరికాక ప్రూఫ్‌రీడర్ దిద్దకూడదు. 99.8ని 99.9 చేయడం అక్షరం సవరించినట్టు కాదు, డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చినట్టు. మార్జిన్‌లో ప్రశ్న రాయాలి: "60 నిమిషాలు ఆగితే అప్‌టైమ్ 99.861. ఇది ఏ వరుస కిందికి వస్తుంది?" ఇలా నిమిషాల్లో అడిగితే లాయరుకూ ఇంజినీరుకూ ఒకేలా అర్థమవుతుంది. కావాలనే ఆ సందు వదిలామని కంపెనీ చెప్పవచ్చు, బేరంలో అదీ భాగమే. అప్పుడు పై వాక్యంలో 'తగ్గదు' అన్న హామీ ఉండాలా, 'లక్ష్యం' అని ఉండాలా అన్నది ఇరుపక్షాలూ తేల్చుకుంటాయి.

సవరణలు వచ్చాక పట్టికను మళ్లీ లెక్కతోనే పరీక్షించాలి. 30 రోజుల నెలకు 43, 44, 216, 217, 432, 433 నిమిషాలు వేసి చూస్తే చాలు. మొదటిదానికి క్రెడిట్ రాకూడదు, మిగతావి ఒక్కొక్కటీ ఒక్క వరుసలోనే పడాలి. తర్వాత 44 నిమిషాలను మే నెలకు వేసి చూడండి. 31 రోజులకు హద్దు 44.64 నిమిషాలు కాబట్టి ఏప్రిల్‌లో మాట తప్పినట్టయిన 44 నిమిషాలు మేలో తప్పు కావు. నెల అంటే క్యాలెండరు నెలా, 30 రోజులా అన్నది నిర్వచనాల పేజీలో లేకపోతే, మార్జిన్‌లో ఇంకో ప్రశ్న రాయాలి.