పరీక్ష రోజు పొద్దున ఏం పెట్టాలి?

నిరుడు మా అక్క కూతురు ఇంటర్ లెక్కల పరీక్షకు వెళ్తూ, "తినాలనిపించడం లేదమ్మా" అని నాలుగు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగేసింది. పరీక్ష తొమ్మిదికి. పదిన్నరయ్యేసరికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, బాగా వచ్చిన లెక్కే తప్పింది. భయంవల్ల అనుకుంది. కొంత భయం ఉండొచ్చు గానీ, ఖాళీ కడుపున తాగిన ఆ గ్లాసు కూడా కారణమే అయ్యుంటుంది.

మెదడు ముఖ్యంగా గ్లూకోజు మీదే నడుస్తుంది. అయితే దానికి రోజంతటికీ కావలసింది సుమారు 120 గ్రాములు, అంటే గంటకు 5. మూడు గంటల పరీక్షకు 15 గ్రాములు. రెండు మూడు ఇడ్లీలతోనే ఆ లెక్క తీరిపోతుంది. ఎంత తిన్నామన్నదానికన్నా ఎంత వేగంగా రక్తంలో కలిసిందన్నది చూడాలి. ఉత్త తీపి నీళ్లు అరగంటలో చక్కెరను పైకి లేపుతాయి. దాన్ని దించడానికి ఇన్సులిన్ గట్టిగా పనిచేస్తుంది. కొందరిలో చక్కెర మొదటికన్నా కిందికి జారుతుంది. అప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ వల్లే వణుకు, చెమట, గుండెదడ. భయంలోనూ ఇవే లక్షణాలు కాబట్టి పిల్లలు తేడా పోల్చుకోలేరు.

పప్పు, పీచు, కాస్త నూనె తోడుంటే పిండిపదార్థం మెల్లగా అరుగుతుంది. తర్వాతి పరీక్షకు మా అక్క ఏడున్నరకల్లా రెండు పెసరట్లు, పల్లీ చట్నీ పెట్టింది. పన్నెండు దాకా ఆకలి గుర్తు రాలేదంది పిల్ల. ఇడ్లీ అయితే పప్పు ఎక్కువ వేసిన సాంబారు, లేదా ఉడికించిన గుడ్డు జత చేయండి. పూరీలు ఆ రోజుకు వద్దు, మత్తుగా ఉంటుంది. షుగరు వ్యాధికి ఇన్సులిన్ వేసుకునే పిల్లలు మాత్రం డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

రాత్రి పదింటికి తాగిన టీలోని కెఫీన్‌లో సగం తెల్లవారుజామున మూడుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది గాఢనిద్రలో. ఈ వయసుకు ఎనిమిది గంటల నిద్ర కావాలి. రెండింటిదాకా కూర్చుని చదివితే కొత్త పాఠం నిలవదు, పాతదీ జారిపోతుంది.

ఇక బాదం, అక్రోటు. మంచి తిండే, పెట్టండి. కానీ నెల రోజుల్లో జ్ఞాపకశక్తి పెంచే గింజ ఏదీ లేదు. అక్రోటు మెదడు ఆకారంలో ఉండటం రుజువు కాదు. జ్ఞాపకశక్తి టానిక్కుల ప్రకటనలు చూసి అప్పు చేసైనా కొనే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకంటే అసలు లోటు మరోచోట ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతానికి రక్తహీనత. ఐరన్ తగ్గితే అలసట, చదువు మీద నిలవని దృష్టి. అది పాఠం అర్థంకాకపోవడంలా, బద్ధకంలా కనిపిస్తుంది.

టానిక్ కొనేముందు పిల్లను దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ చూపించండి. 12 కన్నా తక్కువుంటే ఐరన్ మాత్రలు అక్కడే ఇస్తారు.