స్పిన్ మొదట్లో దడదడ: డ్రమ్ముది కాదు, షాక్ అబ్జార్బర్లది తప్పు

ఉతకడం, జాడించడం అయ్యేదాకా ఫ్రంట్ లోడ్ మెషీన్ బుద్ధిగానే ఉంటుంది. స్పిన్ మొదలయ్యేసరికి బరువైనదేదో రేకుకు కొట్టుకుంటున్నట్టు దడదడ మొదలవుతుంది, మెషీన్ ఉన్నచోటు నుంచి జరుగుతుంది. వేగం అందుకున్నాక చప్పుడు చాలావరకు తగ్గిపోతుంది. స్పిన్ ముగిసి డ్రమ్ము నెమ్మదించేటప్పుడు మళ్లీ నాలుగు దెబ్బలు వినిపిస్తాయి. ఇలా మొదట్లోనూ చివర్లోనూ మోగి, మధ్యలో నెమ్మదించే మెషీన్‌లో ముందుగా చూడాల్సింది డ్రమ్మునో బేరింగునో కాదు, కింద ఉండే షాక్ అబ్జార్బర్లను. బేరింగు మార్చాలంటే టబ్‌ను మొత్తం బయటికి తీయాలి. షాక్ అబ్జార్బర్లు మార్చడం దాంతో పోలిస్తే చాలా చిన్న పని. అందుకే ఈ రెంటికీ తేడా తెలుసుకోవడం ఇంటివాళ్లకు అవసరం.

మెషీన్ లోపల బట్టలు తిరిగే స్టీలు డ్రమ్ము చుట్టూ నీళ్లు పట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్ ఉంటుంది. ఈ టబ్ బయటి పెట్టెకు గట్టిగా బిగించి ఉండదు. పైన రెండు బలమైన స్ప్రింగులకు వేలాడుతుంది. కింద రెండు నుంచి నాలుగు షాక్ అబ్జార్బర్లు దాన్ని పెట్టె అడుగుకు కలుపుతాయి. టబ్‌కు కాంక్రీటు దిమ్మలో, పోత ఇనుప దిమ్మలో బిగించి ఉంటాయి. మెషీన్ అంత బరువుండేది ముఖ్యంగా వీటివల్లే.

స్ప్రింగు టబ్‌ను మోస్తుంది కానీ దాని ఊపును ఆపలేదు. ఆపే పని షాక్ అబ్జార్బర్‌ది. బైక్‌కు ఉండేదానిలో నూనె ఉంటుంది. వాషింగ్ మెషీన్‌లో ఉండేవాటిలో చాలావాటికి నూనె ఉండదు. ఒక గొట్టంలో కడ్డీ కదులుతుంది, ఆ రెంటి మధ్య ప్రత్యేకమైన గ్రీజు పట్టించిన స్పాంజిలాంటి పట్టీ ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడే టబ్ ఊపును మింగేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పట్టీ అరుగుతుంది, గ్రీజు ఎండిపోతుంది. చివర్లలో ఉండే రబ్బరు, ప్లాస్టిక్ బుష్‌లు కూడా వదులవుతాయి. పైకి చూస్తే షాక్ అబ్జార్బర్ బాగానే కనిపిస్తుంది, లోపల పట్టు మాత్రం పోయి ఉంటుంది.

మరి దెబ్బలు గరిష్ఠ వేగంలో కాకుండా మొదట్లోనే ఎందుకు? చిన్న లెక్క చూద్దాం. 48 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ములో తడిబట్టలు ఒక పక్కన అరకిలో ఎక్కువ చేరాయనుకోండి. నిమిషానికి 150 చుట్ల దగ్గర ఆ తేడా టబ్‌ను లాగే బలం సుమారు 3 కిలోల బరువుకు సమానం. 1200 చుట్ల దగ్గర అదే తేడా 190 కిలోల బరువంత బలంతో లాగుతుంది. అయినా దెబ్బలు ఎక్కువగా వచ్చేది ఆ 3 కిలోల దగ్గరే. ఉయ్యాలకు దాని ఊపుకు సరిగ్గా అందేలా చిన్న తోపు ఇస్తూ పోతే ఎలా ఎత్తుకు లేస్తుందో, ఇదీ అంతే. స్ప్రింగుల మీద వేలాడే టబ్‌కు తనదైన ఊపు ఒకటుంది. అది నిమిషానికి సుమారు 100 నుంచి 300 సార్ల మధ్య ఉంటుంది. డ్రమ్ము వేగం దానితో కలిసినప్పుడు చిన్న బలం కూడా టబ్‌ను విపరీతంగా ఊపుతుంది. అప్పుడు పట్టి ఆపాల్సింది షాక్ అబ్జార్బర్లే. ఆ వేగం దాటాక టబ్, దిమ్మల బరువే ఊపును అదుపులో ఉంచుతుంది. డ్రమ్ము ఆగేటప్పుడు మళ్లీ ఆ వేగం గుండానే దిగాలి కనుక చివర్లో దెబ్బలు తిరిగొస్తాయి.

స్పిన్‌కు ముందు మెషీన్ బట్టలను అటూ ఇటూ తిప్పి సర్దుతుంది, బరువు సమంగా పరుచుకోకపోతే వేగం పెంచకుండా ఆగుతుంది. కొన్ని మెషీన్లలో UE అని కనిపించేది అందుకే. కానీ చాలావాటిలో ఈ పరీక్ష కొలిచేది బట్టల సర్దుబాటును, షాక్ అబ్జార్బర్ల పట్టును కాదు. అందుకే ఏ కోడూ చూపించకుండానే మెషీన్ దడదడలాడవచ్చు.

ఇంట్లో చేసుకునే పరీక్ష సులువే. ప్లగ్గు తీసేసి, తలుపు తెరిచి, ఖాళీ డ్రమ్ము కింది అంచు మీద చెయ్యి వేసి గట్టిగా కిందికి నొక్కి వదలండి. షాక్ అబ్జార్బర్లు బాగుంటే డ్రమ్ము పైకి వచ్చి ఒక్క ఊపులో నిలబడుతుంది. మూడు నాలుగు సార్లు ఊగితే వాటి పట్టు పోయినట్టే. తర్వాత డ్రమ్ము పై అంచును లోపలి నుంచి పైకెత్తి చూడండి. టబ్ కదలకుండా డ్రమ్ము ఒక్కటే లటలటలాడితే అది బేరింగు జబ్బు. బేరింగు చప్పుడు కూడా వేరు. అది దెబ్బలా ఉండదు, వేగంతోపాటు పెరిగే హోరులా ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిదేళ్లు వాడిన 7 కిలోల మెషీన్. చక్రాల స్టాండు మీద ఉంది, బట్టలతో స్పిన్ వేస్తే దడదడమంటోంది. ముందు బట్టల్లేకుండా స్పిన్ వేసి చూశారు, చప్పుడు లేదు. అంటే దిమ్మ బోల్టు వదులై ఉండే అవకాశం తక్కువ, ఎందుకంటే అది ఖాళీగా తిరిగినా మోగుతుంది. స్టాండు తీసి మెషీన్‌ను గట్టి నేల మీద పెట్టి, కాళ్లు సరిచేసి, నాలుగైదు తువ్వాళ్లు వేసి మళ్లీ తిప్పారు. జరగడం తగ్గింది, మొదటి దెబ్బలు మాత్రం తగ్గలేదు. నొక్కి వదిలితే డ్రమ్ము నాలుగు సార్లు ఊగింది. కింది నుంచి తీసిన షాక్ అబ్జార్బర్లలో ఒకటి చేతికి కాస్త అడ్డం పడింది, రెండోది ఏ బిగువూ లేకుండా జారిపోయింది. రెండూ మార్చాక దెబ్బలు ఆగాయి.

ఒకటే పాడైనా అన్నింటినీ కలిపి మార్చాలి. కొత్తదాని పక్కన పాతది ఉంటే టబ్ ఒక పక్కకు లాగుతుంది. షాక్ అబ్జార్బర్ మీద 80, 100, 120 వంటి అంకె ఉంటే అది న్యూటన్లలో దాని బిగువు. కొత్తదానికీ అదే ఉండాలి. ఎక్కువ బిగువుది వేస్తే మేలనుకోకూడదు, అప్పుడు వణుకు టబ్ నుంచి పెట్టెకూ నేలకూ పాకుతుంది. చాలా మోడళ్లలో ఇవి ప్లాస్టిక్ పిన్నులతో బిగించి ఉంటాయి. పిన్ను నాలుకను నొక్కి లాగితే ఊడివస్తుంది. అయితే మెషీన్‌ను వంచాల్సి రావచ్చు, దాని బరువు 60, 70 కిలోలు ఉంటుంది. కాబట్టి ఇది ఒక్కరు చేసే పని కాదు. ముందుగా ప్లగ్గు తీసి, కుళాయి కట్టేసి, కింది ఫిల్టరు దగ్గర నీళ్లు వంపేయాలి. అరిగినదానికి ఇంట్లో ఉన్న నూనెనో గ్రీజునో పూయకూడదు. అక్కడ కావాల్సింది ఒరిపిడి, నూనె దాన్ని ఇంకా తీసేస్తుంది. పనిలో పనిగా పై స్ప్రింగులు కొక్కేల్లో సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

దడదడను భరిస్తూ నెట్టుకొస్తే నష్టం పెరుగుతుంది. పెట్టెకు కొట్టుకునే టబ్ పగలవచ్చు, తలుపు దగ్గరి రబ్బరు గ్యాస్కెట్ చిరగవచ్చు, వైర్లు ఒరుసుకుపోవచ్చు. మార్చిన కొత్తవి ఎక్కువకాలం ఉండాలంటే బరువైన బొంతనో, డోర్ మ్యాట్‌నో ఒంటరిగా వేయకండి. నీళ్లు పీల్చి ఒక పక్కకు చేరే అలాంటి బట్టే టబ్‌ను అన్నిటికంటే ఎక్కువ ఊపుతుంది. తోడుగా రెండు మూడు తువ్వాళ్లు వేయండి, చక్రాల స్టాండును పక్కన పెట్టండి.