భర్త దుబాయ్‌లో, భార్య అరకులో.. డబ్బులు పంపడం ఆపేస్తే మనోవర్తి కేసు ఎక్కడ వేయాలి? నోటీసు ఎలా పంపాలి?

పని కోసం విదేశాలకు వెళ్లిన భర్త మొదట్లో నెలనెలా డబ్బులు పంపుతాడు. తర్వాత రెండు మూడు నెలలకోసారి. ఆ తర్వాత ఫోన్ నంబరే మారిపోతుంది. భార్యను ఇంట్లోవాళ్లు, ఊరి పెద్దలు ఆపేది ఒకే మాటతో. "వాడు ఇక్కడ లేడు కదా, కేసు ఎవరి మీద వేస్తావు? వచ్చాక మాట్లాడదాం" అంటారు. కానీ అతను వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఆగితే నష్టపోయేది కూడా ఆమే. ఎందుకో చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డుంబ్రిగుడ మండలానికి చెందిన ఓ గిరిజన యువకుడు దుబాయ్‌లో నిర్మాణ పనికి వెళ్లాడు. ఏడాదిన్నరగా పైసా పంపలేదు. అత్తింట్లో గొడవలతో భార్య ఇద్దరు పిల్లలను తీసుకుని అనంతగిరి మండలంలోని పుట్టింటికి వచ్చేసింది. పెళ్లి ఆచారం ప్రకారం జరిగింది. రిజిస్ట్రేషన్ లేదు.

ఏ చట్టం పనికొస్తుంది?

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. హిందూ పద్ధతిలో పెళ్లి చేసుకున్న గిరిజనుల విషయంలో కోర్టులు కొన్నిసార్లు వేరేగా చూసినా, అది వాదనలతో తేలాల్సిన సంగతి. మైదాన ప్రాంతంలో వేసినట్టే ఆ చట్టం కింద పిటిషన్ వేస్తే, అసలు విషయం కంటే ముందు ఈ చట్టం వర్తిస్తుందా లేదా అన్నదాని మీదే నెలలు గడిచిపోతాయి.

నేరుగా పనికొచ్చేది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 144. 2024 జులై 1కి ముందు ఇదే సీఆర్‌పీసీ 125. కులం, తెగ, మతంతో దీనికి సంబంధం లేదు. సెక్షన్ 145 ప్రకారం భార్య ప్రస్తుతం ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. అంటే మన ఉదాహరణలోని మహిళ తన పుట్టింటి ప్రాంతం ఏ మేజిస్ట్రేట్ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడే వేయొచ్చు.

పెళ్లి సర్టిఫికెట్ లేకపోవడం కూడా అడ్డంకి కాదు. మనోవర్తి కేసుల్లో పెళ్లికి కచ్చితమైన రుజువు అడగకూడదని 2010లో చన్మునియా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం అభిప్రాయపడింది. ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, పెళ్లికి వచ్చిన పెద్దల సాక్ష్యం చూపించవచ్చు.

నోటీసు అందకపోతే?

కేసు నిలిచేదీ, కుప్పకూలేదీ ఇక్కడే. ముందుగా లాయర్ నోటీసు పంపాలన్న నిబంధన సెక్షన్ 144లో లేదు. పంపితే మంచిదే కానీ దానికోసం నెలలు వృథా చేయక్కర్లేదు. కోర్టు పంపే సమన్లే ముఖ్యం.

మనిషి దొరకకపోతే సమన్లను అతని కుటుంబంలో కలిసి ఉంటున్న వయోజనులకు ఇవ్వొచ్చని సెక్షన్ 66 చెబుతోంది. ఎవరూ తీసుకోకపోతే ఇంటి మీద అందరికీ కనిపించేలా అతికించాలని సెక్షన్ 67లో ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికీ కొత్త చట్టం వీలు కల్పించింది. అధికారికంగా దుబాయ్ చిరునామాకు పంపాలంటే మాత్రం రెండు ప్రభుత్వాల మధ్య నడిచే ప్రక్రియ. దానికి నెలలు పడుతుంది. కాబట్టి పిటిషన్‌లో ఊళ్లోని ఇంటి చిరునామా, విదేశీ చిరునామా, వాట్సాప్ నంబరు, ఈమెయిల్ అన్నీ మొదటి రోజే రాయించాలి.

కంపెనీ చిరునామా తెలియదా? పదో తరగతి పాస్ కాకుండా గల్ఫ్‌కు వెళ్లేవారికి సాధారణంగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. ఆ కాగితాల్లో యజమాని పేరు ఉంటుంది. వీసా కాపీ, కాంట్రాక్టు, ప్రవాసీ భారతీయ బీమా పత్రం ఇంట్లో ఉన్నాయేమో వెతకాలి. పంపిన ఏజెంటు దగ్గరా దొరకొచ్చు.

"వ్యక్తి విదేశాల్లో ఉన్నాడు" అని రాసి సమన్లు వెనక్కి వస్తే కేసు పోయినట్టు కాదు. కావాలనే తప్పించుకుంటున్నాడని మేజిస్ట్రేట్ నమ్మితే అతను లేకుండానే విచారణ జరిపి ఉత్తర్వు ఇవ్వొచ్చు. అందుకు ఆధారం కావాలి. "నీ కేసు సంగతి తెలుసు, ఏం చేసుకుంటావో చేసుకో" అని అతను పంపిన ఒక్క వాయిస్ మెసేజ్ కూడా ఇక్కడ చాలా విలువైనది. డిలీట్ చేయొద్దు. నోటీసు సరిగా అందలేదని చూపిస్తే, ఉత్తర్వు వచ్చిన మూడు నెలల్లోపు దాన్ని రద్దు చేయమని అడిగే హక్కు అతనికి ఉంది మరి.

ఎంత వస్తుంది, ఎలా వసూలు చేస్తారు?

గతంలో నెలకు 12 వేలు పంపినట్లు బ్యాంకు పాస్‌బుక్‌లో ఉంటే అదే అతని స్థోమతకు మంచి ఆధారం. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కించాలని 2020 నవంబర్‌లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మార్చి 1న దరఖాస్తు వేసి, డిసెంబర్ చివర్లో నెలకు 8 వేల చొప్పున ఉత్తర్వు వస్తే పది నెలల బకాయి 80 వేలు. "వచ్చాక చూద్దాం" అని ఆగిన ఏడాదిన్నరకు మాత్రం సాధారణంగా ఏమీ రాదు.

ఉత్తర్వు వచ్చాక చెల్లించకపోతే జరిమానా వసూలు చేసినట్టు వసూలు చేయమని కోర్టును కోరాలి. బాకీ పడిన ఏడాదిలోపే అడగాలి. చాలామంది ఈ గడువు దాటేస్తారు. అతని పేరు మీద ఇక్కడ ఉన్న ఆస్తిని అటాచ్ చేయొచ్చు. పట్టా మామగారి పేరు మీద ఉంటే దాన్ని తాకలేరు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనుల భూమి వేలానికి వచ్చినా గిరిజనేతరులకు వెళ్లదు.

కాఫీ తోట అటవీ హక్కుల (ఆర్ఓఎఫ్ఆర్) పట్టా భూమిలో ఉంటే సంగతి వేరు. ఆ భూమిని అమ్మడం కుదరదు. కానీ పెళ్లయినవారికి ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చట్టంలోనే ఉంది. పట్టా కాపీ తీసి చూసుకుంటే, ఆ తోట మీద తనకూ హక్కు ఉందని ఆమెకు అప్పుడే తెలియొచ్చు.

వారెంటు లేదా సమన్లు ఉంటే పాస్‌పోర్టు జప్తు చేసే అధికారం పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 10(3)(హెచ్) కింద అధికారులకు ఉంది. అయితే ఉద్యోగం పోతే చెల్లించడానికి డబ్బే ఉండదు. అందుకే దీన్ని చివరి అస్త్రంగా ఉంచుకోవడమే మేలు.

పెద్దల కాగితం మీద వేలిముద్ర వేసే ముందు..

"ఇద్దరి ఇష్టంతో విడిగా ఉంటున్నాం" అని కాగితం రాసుకుంటే సెక్షన్ 144(4) ప్రకారం భార్యకు మనోవర్తి హక్కే పోవచ్చు. విడాకులు తీసుకున్న భార్య మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు మనోవర్తి అడగొచ్చు. కానీ ఆచారం ప్రకారం విడాకులకు ఇవ్వాల్సిన మొత్తం అంతా తీసేసుకుంటే, కోర్టు ఇచ్చిన ఉత్తర్వు రద్దయ్యే వీలుంది. పంచాయితీలో చేతికిచ్చే 20 వేలు నెలనెలా వచ్చే 8 వేలను మింగేయొచ్చు.

విదేశీ కోర్టు విడాకులిచ్చిందని చెబితే? 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఓ వ్యక్తి 1980లో అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో వై.నరసింహారావు వర్సెస్ వై.వెంకటలక్ష్మి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది హిందూ వివాహ చట్టం కింద ఇచ్చిన తీర్పే అయినా, విదేశీ కాగితం చూపించగానే భయపడి కేసు వెనక్కి తీసుకోవద్దు. ముందు లాయర్‌కు చూపించాలి.

లాయర్ ఫీజు గురించి బెంగ అక్కర్లేదు. మహిళలకు, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి మండలం పేరు చెప్పి, దగ్గర్లోని న్యాయ సేవల కమిటీ వివరాలు అడగొచ్చు.