మోటారు తిరుగుతుంది, బీటర్లు తిరగవు

మా హ్యాండ్ బీటర్ ఇన్నేళ్ళూ కేకు పిండికే వాడాను. పోయిన నెలలో కొక్కాలు తగిలించి చపాతీ పిండి కలపబోయాను. రెండు నిమిషాలకు కటకటమంది. తర్వాత మోటారు ఇంకా సన్నగా, ఇంకా జోరుగా మోగింది కానీ కొక్కాలు పిండిలో అలాగే నిలబడిపోయాయి. మా వారు కొత్తది కొందామన్నారు. నాకేమో ఆ సన్నని మోత మీదే అనుమానం. బరువు మోస్తున్న మోటారు మూలుగుతుంది. అలా తేలిగ్గా పరుగెత్తిందంటే మోటారుకూ కొక్కాలకూ మధ్య లంకె తెగిందన్నమాట.

ప్లగ్ తీసేసి బీటర్లు చేత్తో తిప్పి చూశాను. లోపలంతా బాగుంటే ఒకటి తిప్పితే గట్టిగా బిగపట్టినట్టుంటుంది, లేదా రెండోది కూడా కదులుతుంది. నాదాంట్లో ఒకటి బొంగరంలా వదులుగా తిరిగింది.

స్క్రూలు విప్పితే సంగతి తెలిసింది. మోటారు కడ్డీ చివర స్క్రూలాంటి మరచుట్లు ఉంటాయి. దానికి అటూ ఇటూ రెండు ప్లాస్టిక్ గేర్లు. బీటర్ల కాడలు దూరేది వాటి మధ్య రంధ్రాల్లోకే. ఒక గేరుకు నడుం చుట్టూ పళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. గ్రీజు లేక కాదు, బోలెడుంది! కానీ అదంతా పాత మైనంలా గట్టిపడి డబ్బా గోడలకు అంటుకుని ఉంది, పళ్ళ మీద మాత్రం చుక్క లేదు. గ్రీజులోని నూనె ఏళ్ళ తరబడి వేడికి విడిపోయి ఇంకిపోతుంది. మా బురైమి ఎండల్లో స్టోర్ రూంలో పెడితే ఇంకా త్వరగా.

గేరు కొనేటప్పుడు మోడల్ నంబరు, పళ్ళ సంఖ్య, రంధ్రం కొలత సరిపోవాలి. రెండు రంధ్రాలూ ఒకేలా ఉండకపోవచ్చు కాబట్టి జతగానే తీసుకోండి. చవక రకాలకు గేర్లు విడిగా దొరకవు, అప్పుడు వదిలెయ్యాల్సిందే. మోటారు కాలిన వాసన వచ్చినా అంతే.

పాత గ్రీజు చెక్క పుల్లతో గీకి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచాను. ప్లాస్టిక్‌కు హాని చెయ్యని, ఆహార యంత్రాలకు పనికొచ్చే గ్రీజు పళ్ళ మధ్య పలుచగా రాయాలి. వంటనూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురై పట్టేస్తుంది.

నేను పొరపాటు చేసింది బిగించేటప్పుడు. ఒక బీటర్ రెక్కలు రెండోదాని రెక్కల సందుల్లోకి వచ్చేలా గేర్లు అమర్చాలి. నేను చూసుకోకుండా మూత బిగించి చేత్తో తిప్పితే రెక్కలు ఠంగున కొట్టుకున్నాయి. కరెంటు పెట్టి ఉంటే కొత్త పళ్ళు కూడా పోయేవి! మళ్ళీ విప్పి, ఒక గేరును కాస్త జరిపి, పూర్తిగా ఒక చుట్టు చేత్తో తిప్పి చూశాకే ప్లగ్ పెట్టాను.

ఇప్పుడు కేకు పిండి, క్రీము దానితోనే. చపాతీ పిండి మాత్రం చేత్తోనే కలుపుతున్నాను.