డాలర్లు, దిర్హామ్‌లు రూపాయల్లో ఎంత? మీ షీట్ చూపించే అంకె, చేతికొచ్చే అంకె

ఫారిన్ కరెన్సీలో ఉన్న డబ్బును మన పోర్ట్‌ఫోలియో షీట్‌లో లైవ్ రేటుతో రూపాయల్లోకి ఎలా మార్చాలో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. ఫార్ములా చిన్నదే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. అసలు విషయం ఏంటంటే, ఒకే షీట్‌లో మూడు వేర్వేరు రేట్లు కావాలి: కొన్న రోజు రేటు, ఇవాళ్టి రేటు, చేతికొచ్చే రేటు. చాలా షీట్లలో ఇవాళ్టి రేటు ఒక్కటే ఉంటుంది. అక్కడే లెక్క తప్పుతుంది.

మన నస్పూర్‌లోనే ఒక ఇంటి లెక్క తీసుకుందాం. నాన్న శ్రీరాంపూర్ ఏరియాలో సింగరేణి నుంచి రిటైర్ అవుతున్నాడు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఇల్లు చూసుకున్నారు, 7,40,000 రూపాయలు అడ్వాన్స్ కట్టాలి. పెద్దోడు దుబాయ్‌లో ఉన్నాడు, బ్యాంకులో 20,000 దిర్హామ్‌లు ఉన్నాయి. చిన్నోడు హైదరాబాద్‌లో అమెరికన్ కంపెనీలో చేస్తాడు, కంపెనీ ఇచ్చిన 20 షేర్లు ఉన్నాయి. ఈ రెండూ కలిపితే అడ్వాన్స్ సరిపోతుందా? ఇదీ ప్రశ్న. లెక్క ఈజీగా ఉండాలని అంకెలు రౌండ్ చేశాను.

ముందు లైవ్ రేటు. గూగుల్ షీట్స్‌లో Rates అని వేరే ట్యాబ్ పెట్టండి. మొదటి కాలమ్‌లో కరెన్సీ పేరు, రెండో కాలమ్‌లో రేటు. డాలర్‌కి, దిర్హామ్‌కి ఇలా రాయండి:

```
=GOOGLEFINANCE("CURRENCY:USDINR")
=GOOGLEFINANCE("CURRENCY:AEDINR")
```

INR అని ఇంకో వరుస పెట్టి రేటు 1 అని వెయ్యండి. అప్పుడు మీ ఇండియా షేర్లకి కూడా అదే ఫార్ములా పనిచేస్తుంది. మెయిన్ ట్యాబ్‌లో B లో సంఖ్య, C లో ధర, D లో కరెన్సీ ఉంటే, రూపాయల విలువ ఇలా వస్తుంది. దిర్హామ్ వరుసలో సంఖ్య 20,000, ధర 1 అని పెట్టాలి.

```
=B2*C2*VLOOKUP(D2,Rates!A:B,2,FALSE)
```

ఇవాళ డాలర్ 90 రూపాయలు, దిర్హామ్ 24.50 అనుకుందాం. షేర్ ధర 140 డాలర్లు. అంటే షేర్లు 2,800 డాలర్లు, రూపాయల్లో 2,52,000. దిర్హామ్‌లు 4,90,000. మొత్తం 7,42,000. స్క్రీన్ మీద చూస్తే అడ్వాన్స్ సరిపోయింది, పైన 2,000 మిగిలింది కూడా.

ఈ రేటు కరెక్టేనా అని చెక్ చేసే చిన్న ట్రిక్ ఉంది. 1997 నుంచి దిర్హామ్‌ను డాలర్‌కి కట్టేశారు: ఒక డాలర్‌కి 3.6725 దిర్హామ్‌లు. కాబట్టి మీ షీట్‌లో డాలర్ రేటును దిర్హామ్ రేటుతో భాగిస్తే దాదాపు 3.67 రావాలి. రాకపోతే రెండింట్లో ఏదో ఒకటి ఆగిపోయింది. ఎందుకు ఆగుతుంది? ఒక్కోసారి GOOGLEFINANCE రేటు తేకుండా #N/A చూపిస్తుంది. అది కనబడకుండా చాలామంది IFERROR పెట్టి, పాత రేటు ఏదో చేత్తో టైప్ చేస్తారు. ఆ తర్వాత లైవ్ రేటు రాకపోయినా షీట్ చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, కానీ అంకె పాతది. #N/A కనిపిస్తే కనిపించనివ్వండి, కనీసం తప్పు ఉందని తెలుస్తుంది. ఇంకోటి, శని ఆదివారాలు కరెన్సీ మార్కెట్ ఉండదు. రేటు కదలట్లేదని కంగారు పడొద్దు.

ఇప్పుడు కొన్న రోజు రేటు. చిన్నోడికి షేర్లు 2024 జూన్ 14న వచ్చాయి, అప్పుడు ధర 150 డాలర్లు. ఆ రోజు రేటు తెచ్చే ఫార్ములా ఇది:

```
=INDEX(GOOGLEFINANCE("CURRENCY:USDINR","price",DATE(2024,6,14)),2,2)
```

వచ్చిన అంకెను కాపీ చేసి, వ్యాల్యూ మాత్రమే పేస్ట్ చెయ్యండి. ఇది ఇంక మారకూడదు. మనం 83 అనుకుందాం. షేర్లు వచ్చినప్పటి విలువ 3,000 డాలర్లు, అంటే 2,49,000 రూపాయలు. ఇప్పుడు 2,52,000. రూపాయల్లో 3,000 లాభం.

చాలా షీట్లలో ఏం చేస్తారంటే, అప్పటి 3,000 డాలర్లను కూడా ఇవాళ్టి 90తోనే గుణిస్తారు. అప్పుడు పాత విలువ 2,70,000 అయిపోయి, 18,000 నష్టం అని ఎర్రగా చూపిస్తుంది. చిన్నోడు అది చూసి కంగారు పడతాడు. నిజానికి రెండు సంగతులు జరిగాయి. షేర్ పడింది: 200 డాలర్లు ఇంటూ 83, అంటే 16,600 పోయింది. డాలర్ పెరిగింది: 2,800 డాలర్లు ఇంటూ 7, అంటే 19,600 వచ్చింది. రెండూ కలిపితే 3,000 లాభం. ఈ రెండు అంకెలకి రెండు కాలమ్‌లు పెట్టండి. మీ డబ్బు కంపెనీ వల్ల పెరిగిందా, డాలర్ వల్ల పెరిగిందా అనేది అప్పుడే తెలుస్తుంది.

ఇది ఊరికే చెప్పే ఉదాహరణ కాదు. 2022లో అమెరికా ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ సుమారు 19 శాతం పడింది. అదే ఏడాది డాలర్ 74 దగ్గర నుంచి 82 దాటింది. దాంతో మన రూపాయల్లో చూసుకుంటే నష్టం దాదాపు 10 శాతమే.

చివరిది చేతికొచ్చే రేటు. గూగుల్ చూపించేది మార్కెట్‌లో కొనే రేటుకి, అమ్మే రేటుకి మధ్యలో ఉండే రేటు. ఆ రేటుకి మనకి ఎవరూ డబ్బులివ్వరు. బ్యాంకు గానీ ఎక్స్ఛేంజ్ హౌస్ గానీ కొంచెం తగ్గించి ఇస్తుంది, ఆ తేడానే వాళ్ల మార్జిన్. డాలర్‌కి 88.50, దిర్హామ్‌కి 24.30 ఇచ్చారనుకుందాం. షేర్లకి 2,47,800, దిర్హామ్‌లకి 4,86,000. మొత్తం 7,33,800. అంటే అడ్వాన్స్‌కి 6,200 తక్కువ. షేర్ల మీద కనిపించిన 3,000 లాభం కూడా 1,200 నష్టం అయింది. ట్రాన్స్‌ఫర్ ఫీజు, బ్రోకరేజీ దీని మీద అదనం.

అందుకే Rates ట్యాబ్‌లో మూడో కాలమ్ పెట్టండి. మీ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఆ రోజు టీటీ బయింగ్ రేటు ఉంటుంది, అది చేత్తో ఎక్కించండి. దుబాయ్ నుంచి పంపేటప్పుడైతే పెద్దోడు యాప్‌లో మొత్తం కొట్టి, ఇక్కడ ఎన్ని రూపాయలు జమ అవుతాయో చూసి, దాన్ని 20,000తో భాగిస్తే చాలు. ఫీజు ఆ మొత్తంలోంచే పట్టుకుంటే అది కూడా అందులోనే కలిసొస్తుంది.

ట్యాక్స్ లెక్కకి కూడా గూగుల్ రేటు పనికిరాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్స్ ప్రకారం ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు తీసుకోవాలి. షేర్లు అమ్మితే, అమ్మిన నెలకి ముందు నెల చివరి రోజు రేటు. కాబట్టి ప్రతి నెలాఖరున ఆ రేటు ఒక వరుసలో రాసిపెట్టుకోండి.

మీ సంపద ఎలా కదులుతోందో చూడటానికి లైవ్ రేటు చాలు. ఎవరికైనా ఫలానా తేదీకి ఇంత కడతానని మాట ఇచ్చే ముందు మాత్రం మూడో కాలమ్ టోటల్ చూడండి. ఈ ఇంటి లెక్కలో పెద్దోడు ఇంకో 300 దిర్హామ్‌లు కలిపి పంపితే అడ్వాన్స్ నిండుతుంది, ఫీజుకి కూడా వెయ్యి దాకా మిగులుతుంది. అది రిజిస్ట్రేషన్ ఆఫీసులో తెలిసే బదులు నెల ముందే షీట్‌లో తెలియాలి. మీ షీట్‌లో డాలర్‌ను దిర్హామ్‌తో భాగిస్తే ఎంతొచ్చిందో కామెంట్‌లో పెట్టండి.