పంపింది నేనేనట!

‘నీ అకౌంట్ హ్యాక్ చేశాను. నమ్మకపోతే ఈ మెయిల్ ఏ అడ్రస్ నుంచి వచ్చిందో చూసుకో’ అంటూ బిట్‌కాయిన్లు అడిగే బెదిరింపు. చూస్తే నిజంగానే మన అడ్రస్సే! గుండె గుభేలుమంటుంది. కానీ మెయిల్లో కనిపించే ఫ్రమ్ అడ్రస్, పోస్టు కవరు మీద రాసేదాని లాంటిదే. ఎవరి పేరైనా రాసేయొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు.

కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Show original చూడండి. DMARC ఎదురుగా FAIL అని ఉంటే దాదాపుగా అది దొంగ ఫ్రమ్ అడ్రస్సే. PASS అని ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. ఇన్‌బాక్స్ అడుగున Details నొక్కితే ఇటీవలి లాగిన్లు కనిపిస్తాయి. అక్కడ మీది కాని పరికరమో, వెళ్లని ఊరో ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చేయండి. సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ఫార్వర్డింగ్ అడ్రస్ ఉంటే అదీ తీసేయండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది పోదు.