సరి ముందు, బేసి వెనుక: పోలిక నియమం మారితే వరుస మారే తీరు

7, -4, 3, 4, -10, -3, 2 అనే ఏడు సంఖ్యలను ఆరోహణ క్రమంలో రాస్తే -10, -4, -3, 2, 3, 4, 7 వస్తుంది. అవే సంఖ్యలను సరి సంఖ్యలు ముందు, బేసి సంఖ్యలు తర్వాత వచ్చేలా రాయమంటే వేరే వరుస వస్తుంది. గుర్తును వదిలేసి పరిమాణాన్ని మాత్రమే చూసి, అంటే పరమ మూల్యాన్ని బట్టి రాయమంటే మరో వరుస. కంప్యూటర్ ఈ మూడు పనులనూ ఒకే సార్టింగ్ పద్ధతితో చేస్తుంది. మారేది పద్ధతి కాదు, రెండు సంఖ్యలను పోల్చే నియమం.

సార్టింగ్ పద్ధతికి సంఖ్యల అర్థం తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అది ఒకసారికి రెండింటిని తీసుకుని, వీటిలో ఏది ముందు రావాలని మాత్రమే అడుగుతుంది. జవాబు చెప్పేది ప్రోగ్రామర్ రాసిన పోలిక ఫంక్షన్. అది తక్కెడ లాంటిది: బరువెంతో చెప్పదు, ఎటు మొగ్గుతుందో చూపిస్తుంది. సి భాషలోని `qsort`, జావాలోని `Comparator` రెండింటిలోనూ జవాబు ఒక పూర్ణసంఖ్య రూపంలో ఉంటుంది. రుణ సంఖ్య వస్తే మొదటిది ముందు, ధన సంఖ్య వస్తే రెండోది ముందు, సున్న వస్తే ఈ నియమం దృష్టిలో రెండూ సమానం.

ఆ సున్నను తేలిగ్గా తీసుకోకూడదు. సరి ముందు, బేసి వెనుక అన్న నియమంలో 4, -10 రెండూ సరి సంఖ్యలే. వాటిలో ఏది ముందుండాలో నియమం ఏమీ చెప్పలేదు. కాబట్టి జవాబు సున్న. నిజానికి ఈ నియమం సంఖ్యలను పూర్తిగా వరుసలో పెట్టదు, రెండు గుంపులుగా విడదీస్తుందంతే. గుంపు లోపల ఎవరు ముందన్నది సార్టింగ్ పద్ధతి స్వభావాన్ని బట్టి ఉంటుంది. సమానమైన వాటిని మొదట ఇచ్చిన క్రమంలోనే ఉంచే పద్ధతిని స్థిరమైన సార్టింగ్ అంటారు. పైథాన్‌లోని `sorted` స్థిరమైనది. అందుకే పై ఏడు సంఖ్యలను దానికిస్తే -4, 4, -10, 2, 7, 3, -3 అని వస్తుంది. సరి సంఖ్యలు తాము మొదట ఉన్న వరుసలోనే ముందుకు జరిగాయి, బేసి సంఖ్యలూ అలాగే వెనక్కి వెళ్లాయి. సి భాష ప్రమాణం మాత్రం `qsort` ఈ క్రమాన్ని కాపాడుతుందని హామీ ఇవ్వదు. అక్కడ సరి గుంపు లోపలి వరుస ఎలాగైనా రావచ్చు, అది తప్పు కింద లెక్కకు రాదు.

పరమ మూల్యం నియమానికి రోజువారీ లెక్కల్లోనూ ఉపయోగం ఉంది. గోదాములో ఉండాల్సిన సరుకుకీ, నిజంగా ఉన్నదానికీ తేడాలు చూసేటప్పుడు 40 బస్తాలు తక్కువైనా, 40 బస్తాలు ఎక్కువైనా విచారించాల్సిందే. మామూలు ఆరోహణ క్రమంలో -40 ఒక చివర, 40 మరో చివర పడతాయి. పరమ మూల్యంతో వరుస పెడితే పెద్ద తేడాలన్నీ ఒకచోటికి చేరతాయి. మన ఏడు సంఖ్యలకు ఈ నియమం 2, 3, -3, -4, 4, 7, -10 అనే వరుసనిస్తుంది. ఇక్కడా 3, -3 సమానమే, -4, 4 సమానమే. 3 ముందు వచ్చి -3 వెనుక రావడానికీ, -4 ముందు వచ్చి 4 వెనుక రావడానికీ కారణం ఒక్కటే, మొదట ఇచ్చిన జాబితాలో అవి అలాగే ఉన్నాయి.

రెండు నియమాలనూ కలపవచ్చు. మొదట సరి, బేసి చూడాలి; అక్కడ సమానమైతే పరమ మూల్యం చూడాలి; అదీ సమానమైతే అసలు సంఖ్యనే చూడాలి. మొదటి ప్రశ్నకే తేడా తేలితే రెండో ప్రశ్న దాకా వెళ్లే పనే లేదు. పైథాన్‌లో దీన్ని ఒక్క వరుసలో రాయవచ్చు:

```python
a = [7, -4, 3, 4, -10, -3, 2]
print(sorted(a, key=lambda x: (x % 2, abs(x), x)))
# [2, -4, 4, -10, -3, 3, 7]
```

ఇక్కడ పోలిక ఫంక్షన్ లేదు. దాని బదులు ఒక్కో సంఖ్యకు ఒక తాళంచెవి లాంటి విలువను, అంటే `key`ని తయారు చేసి, ఆ విలువలను పోలుస్తున్నారు. -4కి తయారయ్యే విలువ (0, 4, -4), 3కి (1, 3, 3). మొదటి అంకెలు 0, 1 కాబట్టి -4 ముందు. -3, 3ల విషయంలో మొదటి రెండు అంకెలూ కలుస్తాయి, మూడోదే తేలుస్తుంది. పైథాన్ 3లో `sorted`కు పోలిక ఫంక్షన్‌ను నేరుగా ఇచ్చే వీలు తీసేశారు, ఈ `key` పద్ధతినే ఉంచారు. అది మంచి నిర్ణయమే. ప్రతి సంఖ్యకూ ఒక స్థిరమైన విలువ ఉన్నప్పుడు నియమం తనను తాను ఖండించుకునే అవకాశం దాదాపు ఉండదు. పోలిక ఫంక్షన్‌ను చేత్తో రాసినప్పుడు ఆ అవకాశం పుష్కలంగా ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవారు జావాలోనో, సి లోనో తరచుగా రాసే నియమం ఇది:

```java
(a, b) -> a % 2 == 0 ? -1 : 1
```

మొదటిది సరి అయితే అది ముందు, కాకపోతే వెనుక. చూడ్డానికి సబబుగానే ఉంది. కానీ 4, 2లను ఇస్తే 4 ముందంటుంది. వాటినే తిప్పి 2, 4గా ఇస్తే 2 ముందంటుంది. రెండూ నిజం కాలేవు. 4ను 4తోనే పోల్చినా తనకంటే తానే ముందంటుంది. సున్న అనే జవాబును మరిచిపోవడమే ఇక్కడి పొరపాటు. ఈ తప్పుతో వచ్చే చిక్కేమిటంటే, చిన్న జాబితాల్లో అది బయటపడదు. సరి సంఖ్యలు ముందే వస్తాయి, బేసి సంఖ్యలు వెనుకే వస్తాయి, పరీక్ష నెగ్గినట్టే కనిపిస్తుంది. జావా సార్టింగ్ 32 కంటే తక్కువ అంశాలున్న జాబితాను చిన్న ముక్కలను కలిపే దశ లేకుండానే ముగిస్తుంది. నియమంలోని వైరుధ్యాన్ని పట్టుకునే తనిఖీ ఆ కలిపే దశలో ఉంటుంది. అందుకే పది సంఖ్యలతో బాగా నడిచిన ప్రోగ్రామ్ వెయ్యి సంఖ్యలతో `Comparison method violates its general contract!` అని ఆగిపోవచ్చు. ఆగిపోతుందన్న హామీ కూడా లేదు. వైరుధ్యం తనిఖీకి తగిలినప్పుడే ఆగుతుంది. సి++లోని `std::sort` అయితే ఆ సందేశం కూడా ఇవ్వదు. అక్కడ నియమం అవును, కాదు అని మాత్రమే చెప్పాలి, సమానమైన వాటికి కాదు అనే చెప్పాలి. సమానమైన వాటికీ అవును అంటే, అన్నీ సరి సంఖ్యలే ఉన్న పెద్ద జాబితాలో వెతుకులాట జాబితా హద్దు దాటి పక్క మెమరీలోకి పోవచ్చు.

ఇంకో రకం తప్పు నియమం లోపల ఏ వైరుధ్యమూ లేకుండానే వస్తుంది. శేషాన్ని బట్టి సరి, బేసి తేల్చడం అందరికీ తెలిసిందే. కానీ -3ని 2తో భాగిస్తే శేషమెంత? పైథాన్ 1 అంటుంది. సి, జావా -1 అంటాయి. కాబట్టి జావాలో `a % 2 - b % 2` అని రాస్తే మూడు గుంపులు తయారవుతాయి: -1 శేషం వచ్చే రుణ బేసి సంఖ్యలు అన్నిటికంటే ముందు, తర్వాత సరి సంఖ్యలు, చివర ధన బేసి సంఖ్యలు. మన జాబితా -3, -4, 4, -10, 2, 7, 3గా మారుతుంది. ఏ దోష సందేశమూ రాదు. ధన సంఖ్యలతో మాత్రమే పరీక్షించినవారికి ఇది ఎప్పటికీ కనబడదు. శేషం బదులు `a & 1` వాడితే చివరి బిట్ మాత్రమే తీసుకున్నట్టవుతుంది కాబట్టి రుణ సంఖ్యలకూ 0 లేదా 1 మాత్రమే వస్తుంది. సున్న సరి సంఖ్యే కనుక దానికి ఏ పద్ధతిలోనూ ఇబ్బంది లేదు.

పరమ మూల్యానికీ ఇలాంటి ఒక మూల ఉంది. జావాలో `int` విలువలు -2147483648 నుంచి 2147483647 వరకు ఉంటాయి. రుణ వైపు ఒక సంఖ్య ఎక్కువ. ఆ చివరి సంఖ్యకు `Math.abs` వేస్తే రావాల్సిన 2147483648 ఆ హద్దులో ఇమడదు. అందుకని ఫలితం -2147483648గానే తిరిగి వస్తుంది. పరిమాణంలో అన్నిటికంటే పెద్దది కావాల్సిన సంఖ్య వరుసలో అన్నిటికంటే ముందు కూర్చుంటుంది. పోలికకు ముందు సంఖ్యను `long`గా మార్చుకుంటే ఇది తప్పుతుంది. రెండు సంఖ్యలను పోల్చడానికి తీసివేత వాడే అలవాటుకూ ఇదే హద్దు అడ్డం వస్తుంది. 2147483647 నుంచి -1 తీసేస్తే ధన సంఖ్య రావాలి, హద్దు దాటి రుణ సంఖ్య వస్తుంది. తీసివేత బదులు `Integer.compare` రాయడం మంచిది. సరి, బేసి గుంపుల్లో 0, 1 మాత్రమే ఉంటాయి కనుక అక్కడ తీసివేతతో ప్రమాదం లేదు.

అన్నిటికంటే సూక్ష్మమైన తప్పు దగ్గర దగ్గరగా ఉన్నవి సమానమే అనుకోవడంలో ఉంది. పరమ మూల్యాల్లో తేడా 1 లేదా అంతకంటే తక్కువైతే సమానంగా చూడమని నియమం పెట్టారనుకుందాం. అప్పుడు 2, 3 సమానం. 3, 4 సమానం. 2, 4 మాత్రం సమానం కాదు, 2 ముందు రావాలి. 4, 3, 2 అనే జాబితాలో ఒక్కో సంఖ్యను తన ఎడమ పక్క సంఖ్యతో పోల్చి చొప్పించే పద్ధతి వాడితే 3 కదలదు, 2 కూడా కదలదు. 4, 3, 2 అలాగే మిగులుతుంది. అవే సంఖ్యలను 4, 2, 3గా ఇస్తే 2, 4, 3 వస్తుంది. ఇచ్చిన క్రమాన్ని బట్టి జవాబు మారుతోంది, మొదటి జవాబులో 4 తర్వాత 2 ఉంది. సమానత్వం ఒకదాని నుంచి మరొకదానికి సంక్రమించకపోవడమే దీనికి కారణం. ఉజ్జాయింపు పోలిక కావాలంటే ముందే ప్రతి సంఖ్యనూ ఒక గుంపులో పడేయాలి, ఉదాహరణకు పరమ మూల్యాన్ని 2తో భాగించి భాగఫలాన్ని తీసుకోవాలి. ఆ తర్వాత గుంపు సంఖ్యలను పోల్చాలి. 2, 3 ఒక గుంపు అవుతాయి, 4 తర్వాతి గుంపు. 3, 4 మధ్య గీత పడడం కొందరికి నచ్చకపోవచ్చు, కానీ నియమానికి పొంతన ఉంటుంది.

రాసిన నియమాన్ని పరీక్షించడానికి వరుసలో పెట్టిన ఫలితాన్ని చూడడం సరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. నియమాన్నే విడిగా ప్రశ్నించాలి. ఏ సంఖ్యనైనా దానితోనే పోలిస్తే సున్న రావాలి. రెండు సంఖ్యలను తారుమారు చేస్తే జవాబు గుర్తు తారుమారు కావాలి. మూడు సంఖ్యలు తీసుకుని, మొదటిది రెండోదానికంటే ముందు, రెండోది మూడోదానికంటే ముందు అని వచ్చినప్పుడు మొదటిది మూడోదానికంటే ముందు రావాలి. రెండింటికి సున్న వచ్చిందంటే, ఆ రెండింటినీ మూడోదానితో పోల్చినప్పుడు ఒకే జవాబు రావాలి. ఈ పరీక్షకు 0, 2, 3, 4, -3, -4, 2147483647, -2147483648 వంటి కొద్ది సంఖ్యల నుంచి వచ్చే జతలు, త్రయాలన్నీ సరిపోతాయి. 4, 2లను వెనక్కి, ముందుకు పెట్టి చూస్తే పైన చెప్పిన తప్పు నియమం రెండు పోలికల్లోనే దొరికిపోతుంది. శేషం లెక్కలోని తప్పు మాత్రం వీటికి చిక్కదు. అందుకు -3, 4లను పోల్చి, రావాల్సిన జవాబుతో సరిచూడాలి.